కోపెన్‌హేగెన్ వార్డులో తప్పుగా చదివిన అంకె

1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌ మీద పోలియో విరుచుకుపడింది. అంటువ్యాధుల కోసం ఉన్న బ్లెగ్డామ్ ఆసుపత్రికి రోజూ పదుల సంఖ్యలో రోగులు వచ్చేవారు, అందులో పిల్లలే ఎక్కువ. చాలామందికి కాళ్లో చేతులో చచ్చుబడేవి. కొందరికి మాత్రం ఊపిరి తీసే కండరాలు, గుటక వేసే కండరాలు కూడా పడిపోయేవి. అలాంటివాళ్ల కోసం ఆసుపత్రిలో ఒక్క ఐరన్ లంగ్, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు ఉన్నాయి. మొదటి మూడు వారాల్లో వాటి సాయంతో వైద్యం చేసిన 31 మందిలో 27 మంది చనిపోయారు.

పోయేముందు వాళ్లు ఒళ్లంతా చెమటలు పట్టి, రక్తపోటు పెరిగి, మెల్లగా స్పృహ తప్పేవారు. ఆక్సిజన్ ఇస్తున్నారు కాబట్టి ఒళ్లు నీలంగా మారేది కాదు. రక్తం తీసి చూస్తే బైకార్బొనేట్ మామూలు కంటే బాగా ఎక్కువగా కనిపించేది. బైకార్బొనేట్ క్షార గుణమున్న పదార్థం. అది పెరిగిందంటే రక్తంలో క్షారం ఎక్కువైనట్టే కదా అనుకున్నారు డాక్టర్లు. పోలియో వల్ల ఏదో అంతుపట్టని ఆల్కలోసిస్ వస్తోందని తేల్చుకున్నారు. అది సరిగ్గా తలకిందుల నిర్ణయం. ఆ పిల్లల రక్తంలో పేరుకుపోతున్నది ఆమ్లం.

ఆమ్లం పెరుగుతున్న రక్తంలో క్షారం కూడా ఎందుకు పెరుగుతుంది? మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో ఎలా ప్రయాణిస్తుందో చూస్తే ఈ చిక్కు వీడుతుంది.

ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంట్లో నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. రోజుకు లెక్కగడితే దాదాపు 290 లీటర్లు. ఇదంతా కణాల్లో పుట్టి, రక్తంలో ఊపిరితిత్తులదాకా వచ్చి, శ్వాసలో బయటికి పోవాలి. వాయువుగానే కరిగి పోదామంటే రక్తంలో దానికి అంత చోటు లేదు. కరిగిన రూపంలో వెళ్లేది పదో వంతు కూడా ఉండదు. ఇంకొంత భాగం హిమోగ్లోబిన్ ప్రొటీనుకే నేరుగా అంటుకుని వెళ్తుంది. మిగిలినది, అంటే మూడింట రెండు వంతుల దాకా, బైకార్బొనేట్‌గా మారి ప్రయాణిస్తుంది. ఆ మార్పు ఇది:

CO2 + H2O ⇌ H2CO3 ⇌ H+ + HCO3-

కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిస్తే కార్బానిక్ ఆమ్లం వస్తుంది. అది వెంటనే విడిపోయి ఒక హైడ్రోజన్ అయాన్‌ను, ఒక బైకార్బొనేట్‌ను ఇస్తుంది. ఆమ్లత అంటే ఈ హైడ్రోజన్ అయానే. బాణం రెండు వైపులా ఉందని గమనించండి. ఎటు నడవాలన్నది రెండు పక్కలా ఏది ఎంత ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. వాటంతట అవే కలవాలంటే నీటికీ కార్బన్ డయాక్సైడ్‌కూ చాలా సెకన్లు పడుతుంది. సన్నని రక్తకేశనాళికలో రక్తం ఉండేది మాత్రం ఒక్క సెకను, ఒక్కోసారి అంత కూడా కాదు. ఆ కాస్త వ్యవధిలో పని జరుగుతోందంటే దాన్ని వేగిరపరిచేది ఏదో ఉండాలని శాస్త్రవేత్తలు వెతికారు. 1930ల మొదట్లో కేంబ్రిడ్జ్‌లో మెల్‌డ్రమ్, రఫ్టన్ అనే ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. ఎర్ర రక్తకణాల్లో ఉండే ఆ ఎంజైమ్ పేరు కార్బానిక్ ఆన్‌హైడ్రేజ్. దాని నడుమ ఒక జింక్ పరమాణువు ఉంటుంది. ఈ ఎంజైమ్‌లో బాగా చురుకైన రకం ఒక్కో సెకనులో లక్షల కొద్దీ కార్బన్ డయాక్సైడ్ అణువులను మార్చేయగలదు. రక్తంలోని నీటి భాగమైన ప్లాస్మాలో ఈ ఎంజైమ్ లేదు. కాబట్టి కార్బన్ డయాక్సైడ్ ముందు ఎర్ర కణంలోకి దూరాలి.

ఒక ఎర్ర కణం మన తొడ కండరంలోని కేశనాళికలో నడుస్తోందనుకుందాం. కండరం నుంచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తుంది, ఎంజైమ్ దాన్ని క్షణంలో హైడ్రోజన్ అయాన్‌గా, బైకార్బొనేట్‌గా విడదీస్తుంది. హైడ్రోజన్ అయాన్‌ను అలాగే వదిలేస్తే కణం లోపలంతా ఆమ్లమైపోతుంది. దాన్ని అక్కడికక్కడే పట్టుకునేది హిమోగ్లోబిన్. సరిగ్గా అదే సమయంలో హిమోగ్లోబిన్ తన ఆక్సిజన్‌ను కండరానికి ఇచ్చేస్తోంది. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్‌కు హైడ్రోజన్ అయాన్లను పట్టుకునే శక్తి పెరుగుతుంది. హైడ్రోజన్ అయాన్ పట్టుకున్నకొద్దీ అది మరింత సులువుగా ఆక్సిజన్‌ను వదులుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఇలా ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగుతుంది.

ఇక బైకార్బొనేట్ మిగిలింది. కణం గోడలో దాని కోసం ప్రత్యేకమైన ప్రొటీన్లు దాదాపు పది లక్షలు ఉంటాయి. ఒక్కోటీ ఒక బైకార్బొనేట్‌ను బయటి ప్లాస్మాలోకి పంపి, బదులుగా ఒక క్లోరైడ్ అయాన్‌ను లోపలికి తెచ్చుకుంటుంది. రెండింటిదీ ఒకే రకం విద్యుదావేశం కాబట్టి లెక్క సరిపోతుంది. దీన్ని క్లోరైడ్ షిఫ్ట్ అంటారు. క్లోరైడ్ వెంట కాసిని నీళ్లు కూడా లోపలికి వస్తాయి, అందుకే సిరల రక్తంలోని ఎర్ర కణాలు ధమనుల రక్తంలోని వాటి కంటే రవ్వంత ఉబ్బి ఉంటాయి. బైకార్బొనేట్ పుట్టింది కణంలో, ప్రయాణించేది ఎక్కువగా ప్లాస్మాలో. ఊపిరితిత్తుల్లో ఇదంతా వెనక్కి నడుస్తుంది. ఆక్సిజన్ వచ్చి అంటుకోగానే హిమోగ్లోబిన్ హైడ్రోజన్ అయాన్లను వదిలేస్తుంది. బైకార్బొనేట్ మళ్లీ కణంలోకి వచ్చి వాటితో కలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ తయారై ఊపిరిలోకి పోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఊపిరితిత్తులకు వచ్చే 100 మిల్లీలీటర్ల రక్తంలో అన్ని రూపాలూ కలిపి సుమారు 52 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఊపిరితిత్తులు దాటి వెళ్లే రక్తంలో ఇంకా 48 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే ఒక్కో చుట్టులో దిగేది నాలుగే మిల్లీలీటర్లు. గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది కాబట్టి ఆ నాలుగు నాలుగే కలిసి 200 అవుతాయి, లెక్క తేలిపోతుంది. మరి దిగకుండా తిరుగుతూ ఉండే ఆ 48 సంగతేమిటి? అందులో ఎక్కువ భాగం బైకార్బొనేటే. పారేయాల్సిన వ్యర్థాన్ని ఒళ్లు ఇంత పెద్ద ఎత్తున దగ్గర ఉంచుకోవడానికి కారణం ఉంది. రక్తం ఆమ్లత అదుపు తప్పకుండా చూసేది ఆ నిల్వే.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ధమనుల రక్తం పీహెచ్ 7.35కూ 7.45కూ మధ్యన ఉంటుంది. పీహెచ్ తగ్గితే ఆమ్లత పెరిగినట్టు. 7.4 దగ్గర లీటరు రక్తంలో ఉండే హైడ్రోజన్ అయాన్లు 40 నానోమోల్‌లు. బైకార్బొనేట్ 24 మిల్లీమోల్‌లు, అంటే ఆ అయాన్ల కంటే ఆరు లక్షల రెట్లు ఎక్కువ. కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ 1.2 మిల్లీమోల్‌లు. 24ను 1.2తో భాగిస్తే 20. రక్తం పీహెచ్‌ను నిర్ణయించేది ఈ 20కి 1 అన్న నిష్పత్తి. బైకార్బొనేట్ ఎంత ఉందని కాదు, కరిగిన కార్బన్ డయాక్సైడ్‌కు అది ఎన్ని రెట్లు ఉందన్నదే ముఖ్యం. హార్వర్డ్‌లో లారెన్స్ హెండర్సన్ 1908లో ఈ సంబంధాన్ని రాశాడు. 1916లో కార్ల్ హాసెల్‌బాల్ఖ్ దాన్ని పీహెచ్ లెక్కల్లోకి మార్చాడు:

pH = 6.1 + log ( [HCO3-] / (0.03 × pCO2) )

ఇందులో pCO2 అంటే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పీడనం, మామూలుగా 40 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని 0.03తో గుణిస్తే కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎంతో వస్తుంది. హాసెల్‌బాల్ఖ్ పనిచేసింది కూడా కోపెన్‌హేగెన్‌లోనే. 1952లో ఆ నగరంలో తికమకపడ్డ డాక్టర్లకు కావలసిన సూత్రం ముప్పయ్యారేళ్ల కిందట వాళ్ల ఊళ్లోనే తయారై ఉంది.

ఆ సమీకరణంలోని 6.1 రసాయన శాస్త్రం చదివినవాళ్లకు విచిత్రంగా తోస్తుంది. ఏ బఫర్ అయినా తన సొంత అంకెకు దగ్గరి పీహెచ్‌లో బాగా పనిచేస్తుంది, దూరమైనకొద్దీ నీరసపడుతుంది. రక్తం ఉండాల్సింది 7.4 దగ్గర. 6.1 దానికి చాలా దూరం. పాఠ్యపుస్తకం ప్రకారం బైకార్బొనేట్ రక్తానికి పనికిమాలిన బఫర్. అయినా రక్తం దాన్నే నమ్ముకుంది. గోళీ సోడా తలచుకుంటే కారణం తెలుస్తుంది. గోళీ బిగిసి ఉన్నంతసేపూ గ్యాస్ నీళ్లలోనే ఉంటుంది. గోళీ నొక్కగానే బుస్సుమని బయటికి పోతుంది. పరీక్షనాళికలోని బైకార్బొనేట్ మూత బిగించిన సీసా లాంటిది. ఒంట్లో మాత్రం ఊపిరితిత్తుల రూపంలో మూత ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

దీన్ని అంకెల్లో చూద్దాం. టైప్ 1 షుగర్ ఉన్న కుర్రాడు ఇన్సులిన్ మానేశాడు. రెండు మూడు రోజుల్లో అతని ఒంట్లో కీటోన్ ఆమ్లాలు పేరుకున్నాయి. వాటిని తట్టుకోవడంలో లీటరుకు 12 మిల్లీమోల్‌ల బైకార్బొనేట్ ఖర్చయిపోయింది, 24 కాస్తా 12కు దిగింది. ఖర్చయిన ప్రతి బైకార్బొనేట్ ఒక హైడ్రోజన్ అయాన్‌తో కలిసి ఒక కార్బన్ డయాక్సైడ్‌గా మారింది. మూత బిగించి ఉంటే ఆ 12 కూడా రక్తంలోనే మిగిలి, 1.2 ఉన్నది 13.2 అవుతుంది. నిష్పత్తి ఒకటికి కూడా రాదు, పీహెచ్ 6.1 దగ్గరికి పడిపోతుంది. ఆ రక్తంతో ఎవరూ బతకరు. ఊపిరితిత్తులు ఆ అదనపు వాయువును బయటికి పంపేసి, కార్బన్ డయాక్సైడ్‌ను మామూలు 1.2 దగ్గరే ఉంచితే నిష్పత్తి 10, పీహెచ్ 7.1. ప్రమాదమే, కానీ ప్రాణం ఉంటుంది.

ఒళ్లు అక్కడితో ఆగదు. మెదడు అడుగున ఉండే శ్వాస కేంద్రం ఆమ్లతను పసిగట్టి ఊపిరి జోరు పెంచుతుంది. కుర్రాడు లోతుగా, గబగబా, ఆగకుండా ఊపిరి తీస్తాడు. కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 నుంచి 26కు దిగుతుంది. కరిగినది 0.78 అవుతుంది, 12ను దానితో భాగిస్తే 15 పైచిలుకు. పీహెచ్ 7.29. బైకార్బొనేట్ సగానికి పడిపోయినా రక్తం పీహెచ్ మామూలుకు కాస్త దిగువనే నిలబడింది. జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ 1874లో షుగర్ రోగుల్లో ఈ ఊపిరిని వర్ణించాడు. ఇప్పటికీ అది ఆయన పేరుతోనే ఉంది. చూసేవాళ్లకు ఆయాసంలా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు ఉబ్బసమనో గుండె జబ్బనో కంగారుపడతారు. నిజానికి ఆ కుర్రాణ్ని నిలబెడుతున్నది ఆ ఊపిరే. దాన్ని చూసి భయపడి మత్తు ఇచ్చారనుకోండి, ఊపిరి నెమ్మదిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ తిరిగి 40కి చేరుతుంది, పీహెచ్ మళ్లీ 7.1కు జారుతుంది. ఇలాంటి రోగిని వెంటిలేటర్ మీద పెట్టాల్సి వస్తే, అంతవరకూ తనంతట తాను ఎంత జోరుగా ఊపిరి తీస్తున్నాడో యంత్రం కూడా అంత జోరుగా ఇవ్వాలన్నది ఐసీయూ డాక్టర్లు మరిచిపోకూడని విషయం.

ఖర్చయిన బైకార్బొనేట్‌ను తిరిగి పూడ్చేది కిడ్నీలు. తిండిలోని ప్రొటీన్ల వల్ల రోజుకు 50 నుంచి 70 మిల్లీమోల్‌ల దాకా ఊపిరిలో పోని ఆమ్లాలు తయారవుతాయి. వాటిని మూత్రంలోకి తోసి, అంతకు అంత కొత్త బైకార్బొనేట్‌ను రక్తానికి ఇవ్వడం కిడ్నీల పని. కిడ్నీలు దెబ్బతింటే ఈ పూడ్చడం మందగిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనైనా మరెక్కడైనా, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ల రక్తంలో బైకార్బొనేట్ తగ్గి, డాక్టర్లు సోడియం బైకార్బొనేట్ మాత్రలు రాయడం అందుకే.

ఇప్పుడు మళ్లీ బ్లెగ్డామ్ వార్డుకు వద్దాం. ఆ పిల్లలకు ఊపిరి కండరాలు పడిపోయాయి. అంటే తెరిచి ఉండాల్సిన దారే మూసుకుపోతోంది. కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 నుంచి 100కు పెరిగిందనుకుందాం. పైన చూసిన సమీకరణం కుడివైపుకు నడుస్తుంది. హైడ్రోజన్ అయాన్లు పుడతాయి, వాటిలో చాలావాటిని హిమోగ్లోబిన్ పట్టేసుకుంటుంది. వాటితో జంటగా పుట్టిన బైకార్బొనేట్ మాత్రం ప్లాస్మాలోకి వచ్చి మిగిలిపోతుంది. రక్తపరీక్షలో పెరిగినట్టు కనబడింది ఇదే. అది క్షారం ఎక్కువైన గుర్తు కాదు, ఆమ్లం పుట్టిన ఆనవాలు. కార్బన్ డయాక్సైడ్ తెచ్చే ఆమ్లతను బైకార్బొనేట్ తట్టుకోలేదు, ఎందుకంటే దాన్నుంచే అది పుడుతోంది. ఆ పని హిమోగ్లోబిన్, ఇతర ప్రొటీన్లు చేయాల్సిందే, వాటి శక్తికి హద్దుంది.

పీడనం ఇలా హఠాత్తుగా 100కు ఎగబాకితే బైకార్బొనేట్ 24 నుంచి 30 దాకా పెరుగుతుంది. కరిగిన కార్బన్ డయాక్సైడ్ 3. నిష్పత్తి 10, పీహెచ్ 7.1. హైడ్రోజన్ అయాన్లు మామూలుకు దాదాపు రెట్టింపు. పక్క మంచం మీద నాలుగు రోజులుగా వాంతులవుతున్న మనిషి ఉన్నాడనుకోండి. కడుపులోని ఆమ్లం పోయింది కాబట్టి అతనికీ బైకార్బొనేట్ 30 ఉండవచ్చు. అతని కార్బన్ డయాక్సైడ్ పీడనం 44. లెక్కగడితే పీహెచ్ సుమారు 7.46, నిజంగానే క్షారం వైపు. ఇద్దరికీ అంకె 30. ఒకరికి సెలైన్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది, ఇంకొకరికి వెంటనే ఊపిరి అందించకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. ఆసుపత్రి ప్రయోగశాల ఆ అంకె ఒక్కటే చెప్పింది. పీహెచ్ గానీ కార్బన్ డయాక్సైడ్ పీడనం గానీ మామూలుగా చూసేవారు కాదు.

చీఫ్ డాక్టర్ లాసెన్ ఆగస్టు 25న మత్తు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్‌ను సలహాకు పిలిచాడు. ఆపరేషన్ టేబుల్ మీద ఊపిరి చాలని రోగికి చెమటలు పట్టడం, రక్తపోటు పెరగడం ఇబ్సెన్ చూసినవే. ఇది ఆల్కలోసిస్ కాదు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం లేదని ఆయన అన్నాడు. రెండు రోజుల తర్వాత, చావుబతుకుల్లో ఉన్న పన్నెండేళ్ల పాపకు గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం అమర్చారు. రబ్బరు సంచి నొక్కుతూ చేత్తోనే ఊపిరి ఇచ్చారు. మొదట పాప గింజుకుంది, ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లనివ్వలేదు. మత్తు ఇచ్చాక గాలి లోపలికి పోయింది, చెమటలు తగ్గాయి, రక్తపోటు దిగింది. సంచి నొక్కడం తగ్గిస్తే ఆ లక్షణాలన్నీ తిరిగి వచ్చాయి, మళ్లీ నొక్కితే పోయాయి. వాదన అక్కడితో ముగిసింది.

ఆసుపత్రి ప్రయోగశాల అధిపతి పౌల్ ఆస్ట్రప్ రక్తం పీహెచ్‌ను కొలవడం మొదలుపెట్టి, హాసెల్‌బాల్ఖ్ సమీకరణంతో కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని లెక్కగట్టాడు. అంకెలు ఇబ్సెన్ మాటనే నిజం చేశాయి. ఊపిరి యంత్రాలు చాలినన్ని లేవు కాబట్టి సుమారు 1500 మంది విద్యార్థులు షిఫ్టుల్లో రాత్రింబవళ్లు రబ్బరు సంచులు నొక్కారు. 80 శాతం పైన ఉన్న మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఇలా ఊపిరి ఇవ్వడమన్నది తర్వాత ఐసీయూలకు దారితీసింది. నాకు మాత్రం ఆ రబ్బరు సంచి కంటే ఆస్ట్రప్ లెక్కే ఎక్కువ ఆసక్తిగా తోస్తుంది. సంచి ఎంత జోరుగా నొక్కాలో చెప్పింది ఆ లెక్కే కదా.

ఊపిరి సాగని రోగికి సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తే ఏమవుతుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. అది హైడ్రోజన్ అయాన్లతో కలిసి ఇంకొంత కార్బన్ డయాక్సైడ్‌నే ఇస్తుంది. బయటికి పోయే దారి లేనప్పుడు ఆ మందు చేసే మేలు తక్కువ, కీడూ జరగవచ్చు.

కోవిడ్ తర్వాత వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లకు చేరింది. అది చూపేది ఆక్సిజన్‌నే. ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన మనిషి ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని ఉంటే వేలి మీద 96 కనిపిస్తూనే, లోపల కార్బన్ డయాక్సైడ్ 90కి చేరి ఉండవచ్చు. బ్లెగ్డామ్ పిల్లలు నీలంగా మారకుండానే చనిపోయింది ఇలాగే. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి మత్తుగా జోగుతున్నా, పొద్దున్నే తలనొప్పి అంటున్నా, మాట తడబడుతున్నా, వేలి మీద అంకె బాగుందని ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలోనే అసలు సంగతి తెలుస్తుంది.

ఆ పరీక్ష చీటీ మీద పీహెచ్, కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ మూడూ పక్కపక్కనే ఉంటాయి. యంత్రం నిజంగా కొలిచేది మొదటి రెండింటినే, మూడోది హాసెల్‌బాల్ఖ్ సమీకరణంతో వేసిన లెక్క. కాబట్టి రక్తం తీయడంలో పొరపాటు జరిగితే మూడు అంకెలూ తప్పుతాయి. సిరంజిలో గాలి బుడగ మిగిలితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అందులోకి జారుకుని, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. తీసిన రక్తాన్ని బల్ల మీద అలా వదిలేస్తే కణాలు బతికే ఉంటాయి కాబట్టి అది పెరిగి కనిపిస్తుంది. అందుకే బుడగలు పోగొట్టి, మూత బిగించి, సిరంజిని వెంటనే యంత్రం దగ్గరికి పట్టుకెళ్తారు.